బాల్కనీలో రెండు కుర్చీలు

పోయినేడు మాఘమాసంలో గుంటూరులో మా అక్క కూతురికి పెళ్లిచూపులు జరిగాయి. అబ్బాయిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా పిల్ల ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. వచ్చినవాళ్లు ఐదుగురు, మేం నలుగురం. వాళ్లు హాల్లో సోఫాల మీద, మేం డైనింగ్ టేబుల్ దగ్గర్నుంచి లాక్కొచ్చి వేసుకున్న కుర్చీల్లో. మధ్యలో టీపాయ్, దాని మీద స్వీట్లు, కారప్పూస, మంచినీళ్ల గ్లాసులు. పిల్ల వచ్చి వాళ్లమ్మ పక్కన కూర్చుంది. అడిగిన పెద్దవాళ్ల వైపు చూసి జవాబు చెప్పి మళ్లీ తల వంచుకుంటోందే గానీ అబ్బాయి వైపు చూడలేదు. అబ్బాయి మాత్రం ముందుకు వంగి, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, ఒక్క మాటా పోనీయకుండా వింటున్నట్టు కూర్చున్నాడు.

కాఫీ కప్పులు తీసుకుని నేను వంటింట్లోకి వెళ్తే అక్క వెనకే వచ్చింది. "చూశావుటే, అబ్బాయి ఎంత శ్రద్ధగా వింటున్నాడో! దీనికీ నచ్చినట్టే ఉంది, తల ఎత్తితే ఒట్టు" అంది గుసగుసగా.

నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను. చూపు, కూర్చునే తీరు, మనిషికీ మనిషికీ మధ్య దూరం, వీటి మీద జరిగిన పరిశోధనలు ఏటా పాఠంగా చెప్పేదాన్నే. అక్క మాట విన్నాక మళ్లీ హాల్లోకి వచ్చి ఆ సోఫా వైపు చూశాను. మెత్తటి సోఫా, నేలకి బాగా దగ్గరగా ఉంటుంది. వెనక్కి ఆనుకుంటే మనిషి అందులో కూరుకుపోయి కాళ్లు లేస్తాయి. పెద్దల ముందు అలా కూర్చోలేక ఎవరైనా అంచుకు జరిగి ముందుకు వంగుతారు. అబ్బాయి పక్కన వాళ్ల మేనమామ సరిగ్గా అలాగే కూర్చున్నాడు. వాళ్ల నాన్నగారూ అంతే. మేం ఆసక్తి అనుకున్న ఆ వంపులో సోఫా చేయించింది ఎంతో, మనసు చేయించింది ఎంతో చెప్పే మార్గం లేదు.

పిల్ల తల వంచుకోవడమూ అలాంటిదే. ఎనిమిది మంది కళ్లు తన మీదే ఉన్న గదిలో, పెళ్లిచూపులనే సందర్భంలో, తల వంచుకోవడం మన ఇళ్లలో నేర్పిన మర్యాద. అబ్బాయి నచ్చినా తల వంచుకునేదే, నచ్చకపోయినా వంచుకునేదే. రెండు సందర్భాల్లోనూ ఒకేలా కనపడేది ఏ సందర్భాన్నీ పట్టివ్వలేదు. హావభావాలు చదవాలనుకునే ప్రతివాళ్లూ ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇదే అని నా నమ్మకం: ఈ మనిషికి ఇక్కడ వేరేలా ఉండే వీలు ఉందా? వీలు ఉండి కూడా ఇలా ఉంటే, అప్పుడు ఆ తీరుకి ఏదైనా అర్థం ఉండొచ్చు. వీలే లేనిచోట అర్థం వెతికితే మన కోరికే మనకి కనపడుతుంది.

కాసేపటికి పెద్దాయన ఒకరు, "పిల్లలు కాసేపు విడిగా మాట్లాడుకుంటారేమో" అన్నారు. బాల్కనీలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసింది నేనే. పక్కపక్కనే, రోడ్డు వైపు మొహం పెట్టి, మధ్య మూడడుగుల ఎడం ఉంచి వేశాను. మా అక్కావాళ్ల వంటింటి కిటికీలోంచి ఆ బాల్కనీ కనపడుతుంది. మాటలు వినపడవు. రెండో విడత కాఫీ కలుపుతూ ఆ పావుగంటా నేను అక్కడే ఉన్నాను.

ఈ మూడడుగుల సంగతి కొంచెం చెప్పాలి. అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ హాల్ 1966లో రాసిన ఒక పుస్తకంలో మనుషుల మధ్య దూరాన్ని నాలుగు మండలాలుగా విడదీశాడు. అడుగున్నర లోపు బాగా దగ్గరివాళ్లకి, అక్కణ్ణుంచి నాలుగడుగుల దాకా స్నేహితులకి, పన్నెండడుగుల దాకా పనిమీద కలిసేవాళ్లకి, ఆపైన సభలకి. ఈ అంకెలు మన పత్రికల్లోనూ, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుల్లోనూ ప్రపంచం మొత్తానికీ వర్తించే కొలతల్లా తిరుగుతుంటాయి. హాల్ మాత్రం తను చూసింది ఎక్కువగా అమెరికా ఈశాన్య తీరపు మధ్యతరగతి వాళ్లనేనని, ఇది వేరే జాతులకి అలాగే సరిపోదని ఆ పుస్తకంలోనే చెప్పాడు. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే బస్సులో అడుగున్నర మండలంలో ముక్కూ మొహం తెలియని మనిషి భుజం మన భుజానికి ఆనుకునే ఉంటుంది. దాని భావం సీట్లు ఇరుకని మాత్రమే.

కాబట్టి దూరం ఎన్ని అడుగులన్నది పెద్దగా పనికొచ్చే సంగతి కాదు. అది ఎలా మారుతోందన్నదే చూడాలి. ఒకరు కాస్త దగ్గరికి జరిగితే రెండోవాళ్లు ఉన్నచోటే ఉన్నారా, తామూ జరిగారా, లేక వెనక్కి తగ్గారా? వెనక్కి తగ్గడం అన్నది ఈ సంకేతాలన్నిట్లోకీ నేను ఎక్కువగా నమ్మేది. మొహమాటపడి నవ్వగలం, తల ఊపగలం. మొహమాటపడి వెనక్కి జరగం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. లిఫ్టులో, బస్సులో, గోడకి ఆనుకుని నిలబడ్డ మనిషి దగ్గర ఈ లెక్క పనిచెయ్యదు. వెనక్కి వెళ్లే చోటు లేనివాళ్లు వెళ్లకపోవడం ఒప్పుకోవడం కాదు. ఎదుటివాళ్ల మనసు తెలుసుకోవడానికని కావాలని దగ్గరికి జరిగి చూడటం కూడా తప్పు. అది చదవడం అనిపించుకోదు, ఒత్తిడి పెట్టడం అవుతుంది.

బాల్కనీలోకి వెళ్లగానే మా పిల్ల కుర్చీని చేత్తో పట్టుకుని పావు వంతు అబ్బాయి వైపు తిప్పుకుని కూర్చుంది. అతను వేసిన కుర్చీని వేసినట్టే ఉంచి, రోడ్డుకి ఎదురుగా కూర్చుని, మెడ మాత్రం ఆమె వైపు తిప్పాడు. ఈ తేడా చిన్నదిగా కనపడుతుంది గానీ సంభాషణల్ని దగ్గరగా చూసినవాళ్లు దీన్ని బాగా పట్టించుకున్నారు. అమెరికన్ పండితుడు ఇమాన్యుయెల్ షెగ్లాఫ్ 1998లో రాసిన ఒక వ్యాసంలో, మనిషి శరీరం ఒకవైపు, తల ఒకవైపు ఉంటే ఆ తల తిప్పడం తాత్కాలికమనీ, కాళ్లూ నడుమూ ఎటు ఉన్నాయో అటే చివరికి మళ్లుతుందనీ వివరించాడు. కూర మాడుతుంటే పొయ్యి వైపు నిలబడి గుమ్మంలోని మనిషితో తల తిప్పి మాట్లాడే ఇల్లాలిని తలుచుకోండి. ఆమె మాట్లాడుతోంది నిజమే, ఆమె పని మాత్రం పొయ్యి దగ్గరే ఉంది. సోఫా జరపలేని వస్తువు. ప్లాస్టిక్ కుర్చీ రెండు వేళ్లతో తిరుగుతుంది. తిప్పుకునే వీలుండి ఒకరు తిప్పుకున్నారు, ఒకరు తిప్పుకోలేదు. హాల్లో గంటసేపట్లో దొరకని సమాచారం బాల్కనీలో మొదటి అరనిమిషంలో కొంచెం దొరికింది.

కొంచెమే. ఎందుకంటే అతను మొహమాటస్తుడై ఉండొచ్చు, ఇంటివాళ్లు వేసిన కుర్చీని కదపడం బాగుండదని అనుకుని ఉండొచ్చు. ఒక్క సంకేతం మీద తీర్పు చెప్పకూడదన్నది అందరూ చెప్పే మాటే. దాన్ని ఆచరించడానికి ఆ మనిషి ఆ కాసేపట్లో మొదట ఎలా ఉన్నాడో గుర్తుపెట్టుకుని, ఎక్కడ మారాడో గమనించాలి. కొందరు పుట్టుకతోనే బిగుసుకుని కూర్చుంటారు, కొందరు ఎవరితోనైనా చెయ్యి పట్టుకుని మాట్లాడతారు. వాళ్లని లోకంతో పోల్చి లాభం లేదు, వాళ్లతోనే పోల్చాలి.

ఇక చూపులు. చూపు కలిపితే ఇష్టం, తిప్పుకుంటే అయిష్టం అని మన సినిమాలు రెండు ముక్కల్లో తేల్చేశాయి. ఇంగ్లండులో మైకేల్ ఆర్గైల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసిన ఆడమ్ కెండన్ 1960లలో ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టి ఎవరు ఎప్పుడు ఎవరి వైపు చూస్తున్నారో సెకన్లతో లెక్కగట్టారు. ఆరడుగుల దూరంలో కూర్చున్న ఇద్దరిలో వినేవాళ్లు ఎదుటి మనిషి మొహం వైపు దాదాపు ముప్పావు వంతు సమయం చూస్తారు. మాట్లాడేవాళ్లు అందులో సగానికి కాస్త ఎక్కువ, నూటికి నలభై వంతులు మాత్రమే చూస్తారు. ఇద్దరి చూపులూ నిజంగా కలిసి ఉండేది నూటికి ముప్పై వంతులే, అదీ ఒక్కోసారి సెకనున్నర. పెద్ద మాట మొదలుపెట్టేటప్పుడు మనిషి చూపు పక్కకి వెళ్తుంది, మాట ముగిసే ముందు తిరిగి వస్తుంది, "ఇక నువ్వు చెప్పు" అన్నట్టు. ఆ కొలతలు ఇంగ్లీషువాళ్లవి కాబట్టి అంకెల్ని మనకి అంటగట్టక్కర్లేదు. కానీ వినేటప్పుడు ఎక్కువ, మాట్లాడేటప్పుడు తక్కువ అన్న వరస మన ఇళ్లలోనూ కనపడుతుంది, ఈరోజు భోజనాల దగ్గర గమనించి చూడండి.

దీన్నిబట్టి, మాట్లాడుతూ ఎటో చూసే మనిషిని చూసి కంగారు పడక్కర్లేదు. ఆలోచిస్తున్నాడంతే. మనం మాట్లాడుతుంటే అతని చూపు ఎక్కడుందన్నదే విషయం. ఇంకో సంగతి, ఆర్గైల్, జానెట్ డీన్ కలిసి 1965లో చూపించింది: మనుషుల్ని దగ్గరగా కూర్చోబెట్టేకొద్దీ వాళ్లు చూపులు కలపడం తగ్గిస్తారు. దగ్గరితనం ఒకవైపు ఎక్కువైతే ఇంకోవైపు తగ్గించుకుని సరిచేసుకుంటారన్నమాట. రెండడుగుల దూరంలో కూర్చున్న కొత్త మనిషి కాస్త కళ్లు దించుకుంటే అది ఆ దూరం చేసే పని.

మా బాల్కనీకి వస్తాను. మొదటి ఐదారు నిమిషాలు ఇద్దరూ బాగానే మాట్లాడుకున్నారు. అతను చెబుతున్నప్పుడు రోడ్డు వైపు, ఆమె చెబుతున్నప్పుడు ఆమె వైపు చూస్తున్నాడు. పిల్ల మొదట కుర్చీ అంచున కూర్చుంది, తర్వాత వెనక్కి ఆనుకుంది. నవ్వింది. అతనూ నవ్వాడు. అప్పుడు పిల్ల ఏదో కాస్త పెద్ద విషయం చెప్పడం మొదలుపెట్టింది, చేతులు కదుపుతూ. అంతవరకూ వింటున్న మనిషి చూపు ఆమె మొహం మీంచి ఆమె చేతుల మీదికి, అక్కణ్ణుంచి బాల్కనీ ఊచల మీదికి జారింది. వెనక్కి ఆనుకున్నాడు. తొడ మీద బోర్లించి ఉన్న ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు, తెరవలేదు, ఊరికే తిప్పుతున్నాడు. ఆమె ఆపాక తల ఊపాడు, రెండు ముక్కల్లో ఏదో అన్నాడు. ఆ తర్వాత మళ్లీ చూపులు మామూలుగానే కలిశాయి గానీ కాళ్లు మడిచి కుర్చీ కిందకి వెళ్లాయి, లేవబోయే మనిషి కాళ్లలాగా. ఫోన్ మోగితే లోపలి గుమ్మం దాకా వెళ్లి మాట్లాడి వచ్చి, కుర్చీ కాస్త ఎడంగా జరుపుకుని కూర్చున్నాడు. మొదట కదపని కుర్చీని ఇప్పుడు కదిపాడు, అవతలి వైపుకి.

చూపు, భంగిమ, దూరం మూడూ ఒకేచోట, ఒకే మాట దగ్గర, ఒకే దిశలో మారాయి. ఫోన్ తిప్పడం ఒక్కటే అయితే నేను పట్టించుకునేదాన్ని కాదు. ఇతనికి ఈ సంబంధం మీద మనసు లేదని అప్పుడు అనుకున్నాను. పిల్లకి మాత్రం నచ్చాడని అనుకున్నాను. కుర్చీ తిప్పుకుంది, హాయిగా కూర్చుంది, అతను మాట్లాడుతుంటే కళ్లార్పకుండా విన్నది, నవ్వింది. పాపం, దీనికి బాధ కలుగుతుందేమో అనుకున్నాను కూడా.

వాళ్లు బాల్కనీలోంచి వచ్చాక అబ్బాయి మా బావగారి పక్కన కూర్చుని ఉత్సాహంగా కబుర్లు చెప్పాడు. వెళ్లేటప్పుడు అందరికీ దణ్ణం పెట్టాడు, మా అమ్మ కాళ్లకి కూడా. తలుపు వేయగానే అక్కా బావగారూ "ఖాయమైపోయినట్టే" అన్నారు. నేనేమీ అనలేదు. మూడో రోజు ఫోన్ వచ్చింది, జాతకాలు సరిపడలేదని. అప్పుడు పిల్లని అడిగితే, తను ఆ పెద్ద విషయంగా చెప్పింది పీహెచ్‌డీ గురించని తెలిసింది. ఇంకో రెండేళ్లు గుంటూరులోనే ఉండి పూర్తిచేస్తానంది. అతనికి వెంటనే బెంగళూరు వచ్చే అమ్మాయి కావాలి.

"బాధగా ఉందా అమ్మా?" అన్నాను.

"లేదు పిన్నీ. ఆయనతో మాట్లాడటం బాగుంది. అంతే. పెళ్లి అని నాకు అనిపించలేదు" అంది.

అబ్బాయి విషయంలో సరిగ్గా చదివాను, నా చేతుల్లో పెరిగిన పిల్లని తప్పు చదివాను. ఇది నన్ను చాలా రోజులు వెంటాడింది. ఆమె చూపించింది ఆసక్తే, కాకపోతే మాటల మీద ఆసక్తి. ఎదుటి మనిషిని గౌరవించి వినడం ఆమె స్వభావం, అదీగాక ఆమె పాఠాలు చెప్పే మనిషి, రోజూ చేసే పని అదే. ఆమెని ఆమెతోనే పోల్చాలన్న నా సూత్రం నేనే మరిచిపోయాను. ఆ పిల్ల కూరగాయల బండి అతనితో మాట్లాడినా అలాగే మొహంలోకి చూసి వింటుంది.

స్నేహంగా ఉండటాన్ని అంతకు మించినదిగా చదివే పొరపాటు మీద మంచి పరిశోధనలున్నాయి. ఆంటోనియా అబీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1982లో ఒక వ్యాసం ప్రచురించింది. దాని మొదట్లో తన అనుభవమే రాసింది. ఒక సాయంత్రం కిక్కిరిసిన చోట ఆమె, ఆమె స్నేహితురాళ్లు ఇద్దరు కొత్త మగవాళ్లతో ఒక టేబుల్ పంచుకోవలసి వచ్చింది. సంగీతం ఆగిన కాసేపు మామూలుగా నాలుగు మాటలు మాట్లాడారు. ఆ మగవాళ్లు దాన్ని ఆహ్వానం అనుకున్నారు. చివరికి ఈ ఆడవాళ్లే లేచి వెళ్లిపోవలసి వచ్చింది. ఆ తర్వాత ఆమె ఒక ప్రయోగం చేసింది. ఒక ఆడ, ఒక మగ ఐదు నిమిషాలు మాట్లాడుకుంటుంటే, వాళ్లకి కనపడకుండా ఇంకో ఆడ, ఇంకో మగ చూస్తారు. మాట్లాడిన మగవాళ్లూ, చూసిన మగవాళ్లూ ఇద్దరూ ఆ అమ్మాయి తీరుని ఆడవాళ్లు చెప్పినదానికంటే ఎక్కువ కవ్వింపుగా అంచనా వేశారు. అదే నవ్వు, అవే ఐదు నిమిషాలు.

2009లో వచ్చిన ఇంకో అధ్యయనం నా పొరపాటుకి ఇంకా దగ్గరగా ఉంది. జర్మనీలో ఒకరి తర్వాత ఒకరితో కొద్ది నిమిషాలు మాట్లాడి, మళ్లీ కలవాలనుందా లేదా అని రాసిచ్చే కార్యక్రమాల వీడియోల్ని అమెరికా విద్యార్థులకి చూపించారు. చూసేవాళ్లకి జర్మన్ రాదు, కాబట్టి చదవాల్సింది మనుషుల్నే. ఎవరికి ఎవరిమీద ఆసక్తి ఉందో చెప్పమంటే, వాళ్లు గాలిలో రాయి వేసినదానికంటే మెరుగ్గానే చెప్పారు. పది సెకన్ల ముక్క చూసినా, ముప్పై సెకన్లు చూసినా పెద్ద తేడా లేదు. మగవాళ్ల ఆసక్తిని పట్టుకున్నంత తేలిగ్గా ఆడవాళ్ల ఆసక్తిని పట్టుకోలేకపోయారు. కొందరు అమ్మాయిల విషయంలో చూసినవాళ్లలో ఎక్కువమంది తప్పారు. ఆసక్తి ఉందనుకున్నారు, వాళ్లు రాసిచ్చిన కాగితంలో లేదని ఉంది.

చూసేవాళ్ల సంగతి పక్కన పెట్టి, మాట్లాడుకున్న ఇద్దరినే అడిగితే? కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్, ఆయన సహచరులు కొత్తవాళ్లని జంటలుగా కూర్చోబెట్టి పది పన్నెండు నిమిషాలు మాట్లాడనిచ్చి, నువ్వు సరసంగా మాట్లాడావా, ఎదుటివాళ్లు మాట్లాడారా అని విడివిడిగా అడిగారు. ఎదుటివాళ్లకి ఆ ఉద్దేశం లేనప్పుడు లేదని చెప్పడంలో నూటికి ఎనభైమందికి పైగా సరిగ్గా చెప్పారు. ఉన్నప్పుడు మాత్రం దాన్ని పట్టుకున్న మగవాళ్లు నూటికి 36 మంది, ఆడవాళ్లు 18 మంది. మనిషి ఎదురుగా కూర్చుని పన్నెండు నిమిషాలు మాట్లాడినా మనసులో ఉన్న మాటని ఎక్కువమంది అందుకోలేకపోయారు. మొహమాటం మనకి మాత్రమే ఉన్న జబ్బు కాదు. తిరస్కారం ఎదురవుతుందేమోనన్న భయంతో మనుషులు తమ ఇష్టాన్ని వెనక్కి లాక్కోవడానికి వీలుండేంత పలచగానే చూపిస్తారు.

ఇంత తెలిసినా, మాటలకి విలువ ఏడు శాతమే, మిగతాదంతా స్వరం, బాడీ లాంగ్వేజ్ అని క్లాసుల్లో చెబుతూనే ఉన్నారు. ఆ అంకె ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. వాటిలో ఒకదాంట్లో ఒకే ఒక్క పదాన్ని రకరకాల గొంతులతో వినిపించి, మొహాల ఫొటోలు చూపించి, ఇష్టమా కాదా చెప్పమన్నారు. చేతులూ కాళ్లూ భంగిమలూ అందులో లేనేలేవు. ఒక్క పదంతో చేసిన పరీక్షని పట్టుకుని, పావుగంట మాట్లాడుకున్న ఇద్దరి మాటల్ని పక్కన పెట్టమనడం నాకు కోపం తెప్పిస్తుంది. ఆ బాల్కనీలో అసలు సంగతంతా పీహెచ్‌డీ అన్న ఒక్క మాటలో ఉంది. నాకు వినపడనిది అదే. శరీరం ఎక్కడ మారిందో నాకు చెప్పింది, ఎందుకో చెప్పలేదు. చేతులు కట్టుకోవడం గురించి కూడా అంతే. మనసు మూసుకోవడమని అంటారు గానీ, ఏసీ చలికి కట్టుకుంటారు, పవిట సర్దుకుని కట్టుకుంటారు, చేతులున్న కుర్చీ లేక కట్టుకుంటారు. కొందరికి ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటమే కష్టం. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి అలా చూస్తూ వినడం సాధ్యం కాదు, చూపు పక్కకి తిప్పుకుంటేనే మాట బుర్రకెక్కుతుంది. వాళ్లని ఈ కొలబద్దతో కొలవడం అన్యాయం.

ఇప్పుడు సగం సంబంధాలు వీడియో కాల్‌లో మొదలవుతున్నాయి. డాలస్‌లో ఉన్న అబ్బాయి, ఇక్కడ అమ్మాయి. అందులో దూరం ఉండదు, ఫోన్ ఎంత ఎత్తున పెట్టారో అదే దూరం. కాళ్లూ నడుమూ కనపడవు. అన్నిటికన్నా ముఖ్యం, చూపు కలవదు. కెమెరా తెరకి పైన ఉంటుంది. అమ్మాయి మొహాన్ని తెర మీద శ్రద్ధగా చూస్తున్న అబ్బాయి అటువైపు కళ్లు దించుకున్నట్టు కనపడతాడు. కెమెరాలోకి చూస్తున్నవాడు కళ్లలోకి చూస్తున్నట్టు కనపడతాడు, నిజానికి అతనికి ఆమె మొహం సరిగ్గా కనపడదు. "మొహంలోకి చూడనైనా చూడలేదు" అని నాకు తెలిసిన ఒక ఇంట్లో అన్నారు. ఫోన్‌ని గోడకి ఆనించి పెట్టిన తీరుకి ఆ అబ్బాయి చేసేదేముంది?

మొన్న శ్రావణమాసంలో మా పిల్లకి ఇంకో సంబంధం వచ్చింది. ఈసారి బాల్కనీలో కుర్చీలు నేను వేయలేదు. రెండూ ఒక మూల ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టి ఊరుకున్నాను. ఆ అబ్బాయే వాటిని విడదీసి వేశాడు, ఒకటి రోడ్డు వైపు, ఒకటి పక్క గోడ వైపు, మూలకి రెండు వైపులా కూర్చున్నట్టు. ఆమె వచ్చేదాకా నిలబడ్డాడు. కాసేపయ్యాక ఎండ మొహాన పడుతోందని పిల్ల కుర్చీ జరిపితే అతనూ అంత మేరా జరిపాడు. పావుగంట అన్నది నలభై నిమిషాలైంది. అక్క వంటింట్లోకి వచ్చి నా మొహం చూసింది. "ఏమంటావే?" అంది. ఏమీ అనలేదు నేను.

వాళ్లు వెళ్లాక పిల్ల గిన్నెలు సర్దడానికి వచ్చింది. నేను చూసినవన్నీ పక్కన పెట్టి, "నీకెలా అనిపించింది?" అని అడిగాను.

చేతిలో పళ్లెం కిందపెట్టి కాసేపు ఆలోచించింది. కిటికీలోంచి బాల్కనీ వైపు చూసింది, తర్వాత నా వైపు.

"ఇంకోసారి కలవాలనుంది పిన్నీ. ఇక్కడ కాదు, బయటెక్కడైనా. మీరెవరూ చూడకుండా."